చదివి వినిపించితిని

“నేను పుట్టనే లేదని రాసేదానికి నీకెంత ఇచ్చినారు?”

పులివెందుల నుంచి పొద్దున బస్సుకు దిగి, జమ్మలమడుగు తహసీల్దారు కార్యాలయం ఎదుట ఉన్న జిరాక్సు అంగడి వరండాలో నిలబడి మాధురి అడిగిన మాట అది. అడిగింది కరుణమ్మను. ఆ వరండాలో బల్ల వేసుకుని, రాయలేనివాళ్లకు దరఖాస్తులు నింపిపెట్టి బతికే మనిషి కరుణమ్మ. బల్ల ముందు అప్పటికి నలుగురు నిలబడి ఉన్నారు. ఎవరూ కదల్లేదు. ఇట్లాంటి మాట వినబడితే మన ఊళ్లలో ఎవరికీ తొందర ఉండదు.

“నూరు రూపాయలు,” అంది కరుణమ్మ.

వెటకారంగా అనలేదు. అఫిడవిట్ రాసిపెడితే ఆమె తీసుకునేది నూరే. మామూలు దరఖాస్తుకు ముప్పై.

ఆమె గురించి ఆ వీధిలో ఎవరినడిగినా “దేవతప్పా ఆయమ్మ” అంటారు. దేవతలు ముప్పై రూపాయలు పుచ్చుకోరు. ఆమె పుచ్చుకుంటుంది, చిల్లర లేదంటే ఎదుటి టీ కొట్టుకు పంపించి తెప్పించుకుంటుంది. అరవై ఒక్క ఏళ్లు. ముత్తవ్వ కాలంలో క్రైస్తవ మిషన్ బడిలో చదువు నేర్చుకున్న కుటుంబం. ఇంట్లో నాలుగు తరాలుగా ఆడవాళ్లందరికీ దస్తూరీ బాగుంటుంది, అంతకు మించి ఆస్తి లేదు. ప్రొద్దుటూరులో ఒక ఎయిడెడ్ బడి ఆఫీసులో ఇరవై రెండేళ్లు గుమాస్తా పని చేసింది. బడి మూతపడింది. ఆమెది ప్రభుత్వ జీతం కాక యాజమాన్యం ఇచ్చిన ఉద్యోగం కాబట్టి పింఛను రాలేదు. భర్త ఆనందయ్య తాపీ మేస్త్రీ, మోకాళ్లు అరిగి ఇంట్లో కూర్చున్నాడు. అప్పుడు జిరాక్సు అంగడి ఫరూఖ్ “అక్కా, మా వరండాలో కూచో, బాడుగ వద్దు, నీ కాగితాలన్నీ నా మిషన్లోనే తీయించు” అన్నాడు. దాన్ని దయ అనవచ్చు, వ్యాపారం అనవచ్చు. ఇద్దరికీ గిట్టుబాటైంది.

ఆమె పని పద్ధతి ఒకటుంది. మనిషి వచ్చి కూర్చోగానే అడిగే మొదటి మాట, “బియ్యం కార్డు ఇయ్యి.” రేషను కార్డు చేతికొస్తే సగం దరఖాస్తు నిండిపోయినట్టే. పేర్లు, వయసులు, ఎవరికెవరు ఏమవుతారు, ఇంటి నంబరు అన్నీ అందులోనే ఉంటాయి. తప్పులు దొర్లవు. ఆ వరండాలో బల్లలు వేసుకున్నవాళ్లందరూ అట్లే చేస్తారు. మాట మీద రాస్తే వయసు ఒకటి చెప్పి ఆధార్‌లో ఇంకొకటి ఉంటుంది, దరఖాస్తు వెనక్కొస్తుంది, తిట్లు రాసినవాళ్లకు. కార్డు చూసి రాస్తే ఆ బాధ లేదు.

ఇక చివర్లో ఉండే పేరా. ఏ దరఖాస్తుకైనా కింద ఒకటి ఉంటుంది: పై వివరాలు నిజమని ధృవీకరిస్తున్నాను, తప్పని తేలితే బాధ్యత నాదే. దానికి ఆమె వాడే మాట, “అదంతా మామూలే, ఈడ ఏలు పెట్టు.” ఆదివారం గుడిలో విశ్వాస ప్రమాణం అందరితో కలిసి చెప్పే మనిషి. నోరు తెలిసిన దారిన పోతూ ఉంటుంది, మనసు పొయ్యి మీద పెట్టి వచ్చిన పప్పు దగ్గర ఉంటుంది. దరఖాస్తు చివరి పేరా కూడా ఆమెకు అట్లాగే అలవాటైంది. ఆమె ఒక్కదానికే కాదు. ఫోనులో ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కే ముందు చదివేవాళ్లెవరో చెయ్యెత్తితే లెక్క తేలుతుంది.

శేషమ్మ వ్యవహారం ముందటేడు వానాకాలంలో జరిగింది.

శేషమ్మ భర్త ఓబులేసు మగ్గం నేసేవాడు. ఉన్నట్టుండి గుండె పట్టేసి పోయాడు. సొంతంగా కొన్న స్థలం ఒకటి అమ్మి, ఆ డబ్బు ప్రొద్దుటూరులో ఒక బ్యాంకులో డిపాజిట్ వేసి ఉన్నాడు. నాలుగు లక్షల ఇరవై వేలు. నామినీ పేరు రాయలేదు, వీలునామా లేదు. అట్లాంటప్పుడు బ్యాంకు అడిగేది ముందు కుటుంబ సభ్యుల ధృవపత్రం. దాన్ని తహసీల్దారు ఇవ్వాలి. దానికి దరఖాస్తు, మరణ ధృవపత్రం, నోటరీ చేయించిన అఫిడవిట్ కావాలి. కొడుకు పృథ్వీ తల్లిని వెంటబెట్టుకుని కరుణమ్మ బల్ల దగ్గరికి వచ్చాడు.

“బియ్యం కార్డు ఇయ్యమ్మా.”

కార్డులో రెండు పేర్లున్నాయి. శేషమ్మ, పృథ్వీ. ఓబులేసు పేరు అప్పటికే తీసేశారు. కరుణమ్మ రాసుకుంటూ పోయింది.

శేషమ్మ వంగి చూసింది. ఆమెకు అక్షరాలు రావు, వరసలు లెక్కపెట్టగలదు. “రెండేనా? మా పాప మాధురి పేరు వద్దా అమ్మా?”

“కార్డులో లేదు గదమ్మా. పెండ్లయిందా?”

“నాలుగేండ్లాయె. పులివెందలకు ఇచ్చినాం.”

“అయితే ఆ పాప పేరు ఆడ వాళ్ల కార్డులో ఉంటాది. ఈడ ఎట్ల రాస్తారు?” కరుణమ్మ తల ఎత్తకుండానే అంది. “ఏం నాయనా పృథ్వీ, అంతే గదా?”

పృథ్వీ డిగ్రీ చదివాడు. ఫోను చూసుకుంటూ, “కార్డులో ఎవరుంటే వాళ్లేక్కా,” అన్నాడు.

ఇదే పొరపాటు, అట్లాంటి బల్లల దగ్గర మాత్రమే జరగగల పొరపాటు. బియ్యం కార్డు చెప్పేది ఈరోజు ఈ ఇంట్లో ఎవరు కలిసి ఉంటున్నారనే సంగతి. తహసీల్దారు అడిగేది చనిపోయిన మనిషికి భార్య ఎవరు, బిడ్డలు ఎందరు అని. పెళ్లయిన కూతురు కార్డు మారుతుంది, తండ్రి మారడు. ఓబులేసు సొంత సంపాదన మీద భార్యకూ కొడుకుకూ కూతురికీ తలా ఒక సమాన వాటా. ఇది కొత్త చట్టం కూడా కాదు.

అఫిడవిట్ చివర మామూలుగా ఉండేదే ఉంది. “పైన పేర్కొన్న వారు తప్ప మృతునికి వేరే వారసులు ఎవరూ లేరని, ఈ వివరాలన్నీ నాకు తెలిసినంత వరకు, నేను నమ్మినంత వరకు నిజమని ప్రమాణం చేసి తెలుపుతున్నాను. తప్పని తేలిన యెడల ధృవపత్రం రద్దుకు, చట్టప్రకారం తీసుకునే చర్యలకు నేనే బాధ్యురాలను.” దాని కింద ఇంకొక వాక్యం, వేలిముద్ర వేసేవాళ్ల కోసం. “పై సంగతులన్నీ వీరికి తెలుగులో చదివి వినిపించితిని. అర్థమైనదని చెప్పిన పిమ్మట నా ఎదుట వేలిముద్ర వేసినారు.” ఆ వాక్యం కింద సంతకం రాసినవాళ్లది.

“ఇదేంది ఇంత ఉంది?” అంది శేషమ్మ.

“అదంతా మామూలే. ఈడ ఏలు పెట్టు.”

శేషమ్మ బొటనవేలు పెట్టింది. కరుణమ్మ తన గుండ్రటి దస్తూరీతో సంతకం పెట్టింది. పక్క సందులో ఉండే నోటరీ “చదివి చెప్పినావా కరుణమ్మా?” అని అడిగాడు. ఆమె తల ఊపింది. పదిహేను నిమిషాల్లో పని ముగిసింది.

తర్వాత గ్రామ రెవెన్యూ అధికారి విచారణకు పోయాడు. శేషమ్మ వాళ్లు కొత్త కాలనీకి వచ్చి రెండేళ్లే అయింది. ఇరుగుపొరుగు తాము చూసింది చెప్పారు, తల్లీ కొడుకూ ఉంటారని. ధృవపత్రం రెండు పేర్లతో వచ్చింది. బ్యాంకులో మళ్లీ ఒక కాగితం. అక్కడ చివర ఉన్నది ప్రమాణం కాదు, హామీ. ఈ రెంటికీ తేడా ఉంది. ప్రమాణం ‘ఇది నిజం’ అంటుంది. హామీ ‘రేపు ఇట్లా జరిగితే నేను ఇది చేస్తాను’ అంటుంది. వేరే వారసులు ఎవరైనా వచ్చి అడిగితే వాళ్లకు రావలసినది మేము తిరిగి చెల్లిస్తాము అని తల్లి వేలు, కొడుకు సంతకం. పృథ్వీ ఇంగ్లీషులో సంతకం పెట్టాడు. డబ్బు వచ్చింది. జాకెట్ల మీద ఎంబ్రాయిడరీ చేసే కంప్యూటర్ మిషను కొన్నాడు.

మాధురికి ఆ డిపాజిట్ సంగతి తండ్రే ఒకసారి ఫోనులో చెప్పి ఉన్నాడు. ఆమె సంవత్సరీకం అయ్యేదాకా ఆగి, బ్యాంకుకు పోయి అడిగింది. వారసులకు ఇచ్చేశామన్నారు. తానూ వారసురాలినే అంది. అట్లని ధృవపత్రంలో లేదన్నారు. తహసీల్దారు కార్యాలయంలో నకలు తీసుకుంది. నకలు తీసుకున్నవాళ్లకు అఫిడవిట్ చివరి సంతకం కనబడుతుంది కదా. అక్కణ్ణుంచి రోడ్డు దాటితే కరుణమ్మ బల్ల.

నూరు రూపాయలన్న జవాబు విన్నాక మాధురి ఆ నకలును బల్ల మీద పెట్టింది. “ఈ కింద ఉండేది చదువు. గట్టిగా చదువు.”

కరుణమ్మ కళ్లజోడు సర్దుకుని చదివింది. ‘వేరే వారసులు ఎవరూ లేరని’ అన్నచోట ఆగింది. కొన్ని వందల సార్లు రాసిన వాక్యం. గొంతు పెట్టి చదివిన గుర్తు లేదు.

“ఇంకా ఉండాది,” అంది మాధురి.

“చదివి వినిపించితిని,” అని చదివి కరుణమ్మ కాగితం కింద పెట్టింది.

“మాయమ్మకు ఇదంతా ఇనిపించినావా? ఇని కూడా మాయమ్మ నేను లేనని ఏలు పెట్టిందా? నాకు దుడ్ల సంగతి తర్వాత. ముందు అది చెప్పు.”

కరుణమ్మ కాగితాన్ని ఆమె వైపు జరిపింది. మాధురి రోడ్డు దాటి తహసీల్దారుకు అర్జీ ఇచ్చి పులివెందుల బస్సెక్కింది.

వారానికి విచారణ నోటీసులు వచ్చాయి, శేషమ్మకు, పృథ్వీకి, కరుణమ్మకు. నోటీసు వచ్చిన మధ్యాహ్నమే పృథ్వీ వరండాకు వచ్చాడు.

“అక్కా, చదివి ఇనిపించినా అని చెప్పు సాలు. నీ సంతకం ఉండనే ఉండాది. అమ్మ ఇనిందని, ముసలిది మర్సిపోయిందని చెప్తాం. ముసలోళ్లను ఎవరూ ఏమీ చేయరు.”

“మీయమ్మ మర్సిపోలేదు నాయనా. అడిగింది. నువ్వు ఈడనే ఉంటివి.”

“ఉంటి. నువ్వు గదా కార్డులో లేదంటివి? రాసింది నువ్వు.” గొంతు తగ్గించాడు. “చదవలేదని చెప్తే నీ పని ఏమైతాదో చూసుకో.”

అతను పోయాక ఫరూఖ్ మిషను ఆపి బయటికి వచ్చాడు. “వాడు చెడ్డోడే గానీ, చెప్పింది తప్పు కాదక్కా. చదవకుండా చదివినానని సంతకం పెట్టినావని తెలిస్తే ఇంక ఏ నోటరీ నీ కాగితం ముట్టడు. ఆనందయ్య మామ మందులు ఎట్ల?”

“చదివినానంటే?”

“ఆ ముసలామె కత ఆమెది.”

“అదేరా ఫరూఖ్. ఆ కత రాసింది నేను.”

దీన్ని ఆత్మసాక్షి అని పిలిచి దండ వేయడం సులభం. ఆ సాయంత్రం ఆమె చేసింది అంతకంటే చిన్న పని. పాత నకళ్లు పెట్టుకున్న అట్టపెట్టె తీసి, ఏడాదిలో తాను రాసిన అఫిడవిట్లలో వేలిముద్రవి వేరు చేసింది. అరవై ఏడు వచ్చాయి. వాటిలో చదివి వినిపించినవి ఎన్నో గుర్తు తెచ్చుకోవాలని చూసింది. ఒకటి గుర్తుకొచ్చింది. సైదున్నీసా అనే ఆమె పట్టుబట్టి చదివించుకుంది. ఆ రోజు ఆమె మీద విసుక్కున్న సంగతి కూడా గుర్తుకొచ్చింది.

విచారణ రోజు తహసీల్దారు గదిలో ఒక పక్క మాధురి, ఇంకో పక్క శేషమ్మ, పృథ్వీ. మధ్యలో కరుణమ్మ. తహసీల్దారు కోస్తా నుంచి వచ్చిన మనిషి, గొంతు పెంచడు. మాధురికి ఆమె పుట్టిన, చదివిన కాగితాలన్నీ ఉన్నాయి కాబట్టి కూతురా కాదా అన్న వాదమే లేదు. మిగిలింది ఒకటే.

“కరుణమ్మగారూ, ఇది చదివి వినిపించినట్టు మీ సంతకం ఉంది. వినిపించారా?”

ఆమె నోరు తెరిచేలోపలే శేషమ్మ అందుకుంది. “ఇనిపించింది సారూ. నిదానంగా చదివింది. ఆయమ్మ తప్పేం లేదు. నేనే మర్సిపోతి.”

కొడుకు నేర్పిన మాటే. కానీ శేషమ్మ దాన్ని చెప్పింది కొడుకు కోసం కాదు. తన మూలాన రాసిపెట్టిన ఆడమనిషికి మాట వస్తోందని చెప్పింది. మర్యాద కోసం జైలుకు దగ్గరగా జరిగింది, ఎంత దగ్గరగానో తెలియకుండా.

తహసీల్దారు పెన్ను పక్కన పెట్టాడు. “అమ్మా, మీరన్నది అర్థమయ్యే అంటున్నారా? ఆమె చదివితే, మీరు వింటే, కూతురు ఉండి కూడా లేదని తెలిసే వేలిముద్ర వేసినట్టు. తెలియక తప్పు రాయడం వేరు. అబద్ధమని తెలిసి అధికారికి ఇవ్వడం నేరం. ఏడాది దాకా జైలు, పదివేల దాకా జరిమానా, లేదంటే రెండూ. నేను రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తేనే కోర్టు తీసుకుంటుంది. చేయాలా వద్దా అన్నది ఈ ఒక్క జవాబు మీద ఉంది.”

శేషమ్మ కూతురి వైపు చూసింది. మాధురి తల తిప్పుకుంది.

“చదవలేదు సార్,” అంది కరుణమ్మ.

“అక్కా!” అన్నాడు పృథ్వీ.

“నువ్వు ఉండు నాయనా. చదవలేదు సార్. ఒక్క ముక్క కూడా చదవలేదు. ఈమె పాప పేరు వద్దా అని అడిగింది. కార్డులో లేదని నేనే వద్దంటి. వేరే వారసులు లేరని కింద రాసిండాదని ఈమెకు తెలీదు. ఈ అబ్బాయికి తెలుసో లేదో వాణ్ణే అడగండి. వానికి చదువు వచ్చు.”

“ఇది రాసిస్తారా? రాసిస్తే మీ పాత సంతకం అబద్ధమని మీరే ఒప్పుకున్నట్టు.”

“ఇస్తా సార్.”

అక్కడే కూర్చుని రాసింది. ముప్పావు పేజీ. చివర అలవాటుగా చెయ్యి తనంతట తాను రాయబోయింది, పైన రాసినదంతా నిజమని. అక్కడ ఆగి, మొదటి నుంచి చదువుకుంది. ఒక తేదీ కొట్టేసి సరిదిద్దింది. ఆ తర్వాతే చివరి వాక్యం రాసి, లేచి శేషమ్మ దగ్గరికి పోయి మొత్తం పైకి చదివింది.

శేషమ్మ విని, “ఇంత రాసింటారా ఆ కింద?” అని అడిగింది.

“ఇంతే రాసింటారమ్మా.”

“నాకు పాప ఉందని అందరికీ తెలుసు గదా అనుకుంటి.” ఆ మాట ఆమె తహసీల్దారుతో అనలేదు, కరుణమ్మతో అనలేదు. మాధురి లేచి వచ్చి తల్లి పక్కన కూర్చుంది.

పాత ధృవపత్రం రద్దైంది. మూడు పేర్లతో కొత్తది వచ్చింది. శేషమ్మ మీద ఫిర్యాదు వెళ్లలేదు. వివరాలు ఇచ్చినవాడు, చదువు వచ్చినవాడు పృథ్వీ కాబట్టి అతని మీద వెళ్లింది. వాయిదాలు నడుస్తున్నాయి. కరుణమ్మకు రాతపూర్వకంగా హెచ్చరిక వచ్చింది, ఇంకొకసారి ఇట్లా జరిగితే కేసేనని. దానికి ఆమె సంతకం పెట్టి తీసుకుంది. నోటరీ ఆమె రాసిన అఫిడవిట్లు తీసుకోవడం మానేశాడు. ఆమె వల్ల తన ముద్ర కూడా అబద్ధమైందని అతని కోపం. తను అడిగింది ఒక్క మాటేనని, ఆమె ఊపింది ఒక్క తలేనని అతను మరచిపోయాడు.

బల్ల ఇంకా అక్కడే ఉంది, ముప్పై రూపాయల దరఖాస్తులతో. పద్ధతి మాత్రం మారింది. ఇప్పుడు ఆమె కార్డు అడగదు, ముందు “కడుపున పుట్టినోళ్లు ఎంతమంది? ఉండేవాళ్లు, పోయినోళ్లు, ఇచ్చినోళ్లు, అందరూ చెప్పు” అంటుంది. చివరి పేరాను మొదట చదువుతుంది, తర్వాతే పైన నింపుతుంది. ఆ మధ్య రాజుపాలెం నుంచి వచ్చిన ఒక రైతు వింటూ వింటూ, “ఏందమ్మా, పంటనష్టానికి వస్తే పెండ్లి మంత్రాలు చదువుతాండావు? ఎంతసేపు?” అన్నాడు. “మంత్రాలైతే అర్థం కాకపోయినా పెండ్లి అవుతాదిలే అప్పా. ఇది అర్థం కాకుంటే కేసు అవుతాది. కౌలుకు చేస్తాండేది ఎన్ని ఎకరాలో మళ్లా చెప్పు,” అంది. అతను నాలుగు అన్నది మూడుకు తగ్గించాడు. మిగిలినవాళ్లకు అంత ఓపిక లేదు. పక్క బల్ల దగ్గర ఐదు నిమిషాల్లో అయిపోతుంది, సగం మంది అక్కడికే పోతారు.

శేషమ్మ ఎప్పుడైనా ఆ దారిన పోతే వరండాలో కూర్చుని నీళ్లు తాగి పోతుంది. ఆమె మీద కేసు లేదు, కానీ బాకీ ఉంది. ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. వేలు పెట్టింది దేనికో తెలియదన్న మాట నేరం నుంచి తప్పించింది. మాధురి వాటా నుంచి తప్పించలేదు, ఎందుకంటే అది ఎవరి మనసులో ఏముందన్న దాని మీద ఆధారపడేది కాదు. బ్యాంకు తన దగ్గరున్న హామీ పత్రం చూపించి తల్లికీ కొడుక్కీ నోటీసు ఇచ్చింది. పృథ్వీ మిషను మీద వచ్చినదాంట్లో నెలనెలా కొంత మాధురి ఖాతాలో వేస్తున్నాడు, రెండు నెలలు ఎగ్గొట్టాడు. లక్షా నలభై వేలలో ఇప్పటికి నలభై ఆరు వేలు ముట్టాయి. తొంభై నాలుగు వేలు ఇంకా ఇవ్వాలి.